దేశం పేరు పక్కన ఒక్క వాక్యం చేర్చండి: సాంఘిక శాస్త్రం పుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

సాంఘిక శాస్త్రం పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, తెలుగులో అట్లాసులు అచ్చువేసేవారికి నమస్కారాలు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్‌ని. మా బడిలో ఒక స్టాంపుల ఆల్బమ్ ఉంది. పిల్లలు ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన పాత స్టాంపులను దేశాలవారీగా అందులో అంటిస్తుంటాం. ఈ లేఖ రాయడానికి కారణం ఆ ఆల్బమ్‌లో జరిగిన ఒక పొరపాటు. అది పిల్లల తప్పు కాదని నా నమ్మకం.

ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వాళ్ల తాతగారి పాత ఉత్తరాల కట్టలోంచి ఒక స్టాంపు తెచ్చాడు. దానిమీద ‘డాయిచె బుండెస్‌పోస్ట్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. వాడు ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ‘డి’తో మొదలైంది కాబట్టి డెన్మార్క్ పేజీలో అంటించాడు. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. ‘ఇది డచ్ అన్నట్టుంది, డచ్‌వాళ్లది నెదర్లాండ్స్ కదా’ అని పీకి ఆ పేజీలోకి మార్చింది. అసలు పేజీ జర్మనీది. ఇద్దరూ అట్లాస్ ముందేసుకుని అరగంట వెతికారు. ‘డాయిచ్’ అనే మాట అందులో ఎక్కడా కనిపించలేదు. పాఠ్యపుస్తకంలో జర్మనీ గురించి రెండు ప్రపంచ యుద్ధాలున్నాయి, హిట్లర్ ఉన్నాడు, బెర్లిన్ గోడ ఉంది. ఆ దేశపు మనుషులు తమ దేశాన్ని ఏమని పిలుచుకుంటారో మాత్రం లేదు.

వాళ్లు దాన్ని డాయిచ్‌లాండ్ అంటారు. పక్కనే ఉన్న ఫ్రెంచివాళ్లు అల్మాన్యు అంటారు. పోలండ్‌వాళ్లకు అది నియెమ్‌త్సి, ఫిన్లాండ్‌వాళ్లకు సాక్స. మనం ఇంగ్లీషు వాళ్ల దగ్గర నేర్చుకుని జర్మనీ అంటున్నాం. ఒకే దేశానికి ఇన్ని పేర్లు, అవి ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండటం చూసి పిల్లలు ‘ఎందుకు సార్?’ అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టింది. అందులో ముఖ్యమైనదాన్ని మీ ముందు పెడతాను.

అసలు కీలకం ఇది. జర్మనీ అనే ఒకే రాజ్యం ఏర్పడింది 1871లో. దాని పేర్లు మాత్రం అంతకు వెయ్యేళ్ల ముందునుంచీ ఉన్నాయి. ఆ నేలమీద అప్పట్లో ఉన్నవి రకరకాల తెగలు. చుట్టుపక్కల జనాల్లో ఎవరికి ఏ తెగ సరిహద్దులో తగిలితే, వాళ్లు ఆ తెగ పేరునే మొత్తానికీ అంటగట్టారు.

రైన్ నది ఎగువన, ఇప్పటి నైరుతి జర్మనీ, స్విట్జర్లాండ్ ఉత్తర భాగం ఉన్నచోట, మూడో శతాబ్దం నుంచి అలమాన్నీ అనే తెగల కూటమి కనిపిస్తుంది. ఆ మాటకు ‘మనుషులందరూ’ అని అర్థం చెబుతారు, అంటే అందరూ కలిసినవాళ్లు. నదికి ఇవతల ఉన్నవాళ్లకు ఎదురుగా కనిపించే పొరుగువాళ్లు వీళ్లే. అందుకే ఫ్రెంచిలో అల్మాన్యు, స్పానిష్‌లో అలెమానియా అయింది. అదే మాట టర్కిష్‌లో అల్మన్యా, అరబ్బీలో అల్మానియా. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు అరబ్బీలో వినేది ఈ పేరే.

ఉత్తరాన బాల్టిక్ సముద్రం అవతల ఉన్న ఫిన్లాండ్, ఎస్టోనియా జనాలకు రైన్ నదితో పనిలేదు. వాళ్లకు తెలిసింది ఉత్తర జర్మనీలోని సాక్సన్ తెగ. అందుకే ఫిన్నిష్‌లో సాక్స, ఎస్టోనియన్‌లో సాక్సమా. ఎస్టోనియాలో ఈ మాట ఇంకో మలుపు తిరిగింది. అక్కడ శతాబ్దాల తరబడి భూములన్నీ జర్మన్ భూస్వాముల చేతుల్లో ఉండేవి. దాంతో ‘సాక్స్’ అంటే జర్మన్ అనే కాక ‘దొర’ అనే అర్థం కూడా వచ్చేసింది. మన దగ్గర ‘దొర’ అనే మాట ఊరి భూస్వామికీ, తెల్లవాడికీ కూడా వాడారు కదా. అక్కడ ఒక తెగ పేరే ఆ మాటయింది. ఇది చెప్పినప్పుడు మా పిల్లలు చాలాసేపు మాట్లాడుకున్నారు.

తూర్పున స్లావ్ భాషల కథ వేరు. పోలిష్‌లో నియెమ్‌త్సి, చెక్‌లో నెమెత్స్కో. వీటి వేరు ‘నేము’ అనే మాట, అంటే మూగ. వాళ్ల భాష వీళ్లకు అర్థం కాలేదు కాబట్టి ‘మాట రానివాళ్లు’ అన్నారు. హంగరీవాళ్లది స్లావ్ భాష కాదు. అయినా ఈ మాటనే అరువు తెచ్చుకుని నేమెత్‌ఓర్సాగ్ అన్నారు. ‘ఓర్సాగ్’ అంటే దేశం. రష్యన్‌లో దేశం పేరు గెర్మానియాగా మారింది కానీ, అక్కడి మనిషిని మాత్రం ఇప్పటికీ నేమెత్స్ అనే పిలుస్తారు.

ఇది వినగానే ఒక అమ్మాయి ‘అంటే మనం అరవగోల అన్నట్టా సార్?’ అని అడిగింది. అచ్చం అదే. అర్థం కాని మాటను గోల అనడం ఏ ఒక్క జాతి అలవాటో కాదు. అరవం అనే మాట కూడా తమిళదేశంలోని అరువనాడు అనే ఒక చిన్న సీమ పేరు నుంచి వచ్చిందంటారు. దగ్గరున్న ఒక ముక్క పేరును మొత్తం జనానికి పెట్టేయడం, ఫ్రెంచివాళ్లు అలమాన్నీల విషయంలో చేసినట్టే. తమిళులు తమను తాము అరవవాళ్లమని చెప్పుకోరు. తమిళులు మనల్ని పాతకాలం నుంచీ వడుగర్ అన్నారు. ‘వడ’ అంటే ఉత్తరం. వాళ్లకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి ఉత్తరాదివాళ్లం అయ్యాం. మనలో ఏ ఒక్కరైనా ‘నేను వడుగుణ్ణి’ అని చెప్పుకోవడం నేను వినలేదు. దిక్కునుబట్టి పెట్టిన పేరు చెప్పేది అవతలివాడు నిలబడ్డ చోటు గురించే. ఈ సంగతి జర్మనీ పాఠం మొదలుపెట్టేముందే చెబితే పిల్లలకు మిగతాది దానంతటదే పట్టుబడుతుంది.

ఇక జర్మనీ అనే పేరు. ఇది రోమన్లది. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో జూలియస్ సీజర్ రైన్ నదికి తూర్పున ఉన్న తెగలన్నిటినీ గెర్మానీ అని ఒక్క గాటన కట్టాడు. క్రీస్తు శకం 98 ప్రాంతంలో టాసిటస్ అనే రోమన్ రచయిత ఆ జనాల మీదే ఒక పుస్తకం రాస్తూ, ఈ పేరు కొత్తగా వచ్చిందేననీ, మొదట రైన్ దాటి వచ్చిన ఒక్క తెగకు ఉన్న పేరు తర్వాత అందరికీ పాకిందనీ చెప్పాడు. అంటే ఇది కూడా ముక్క పేరు మొత్తానికి అంటుకున్నదే. ఇంగ్లీషువాళ్లు లాటిన్ పుస్తకాల్లోంచి దీన్ని తీసుకున్నారు. వాళ్ల దగ్గరనుంచి మనకొచ్చింది.

డాయిచ్ అనేది మాత్రం ఏ తెగ పేరూ కాదు. ప్రాచీన జర్మన్‌లో ‘తియొట’ అంటే జనం. ‘దియుతిస్క్’ అంటే జనానికి చెందినది, జనం మాట్లాడేది. చర్చిలో, దస్తావేజుల్లో లాటిన్ నడిచే కాలంలో, జనం నోట నడిచే భాషకు పెట్టిన పేరు ఇది. మన దగ్గర సంస్కృతం ఒకపక్క, దేశభాష ఒకపక్క ఉన్నట్టే అనుకోండి. దీని లాటిన్ రూపం మొదటిసారి కనబడేది 786 నాటి ఒక నివేదికలో. పోప్ పంపిన దూత ఇంగ్లండ్‌లో జరిగిన మతసభల గురించి రాస్తూ, తీర్మానాలను అందరికీ అర్థమయ్యేలా లాటిన్‌లోనూ, జనభాషలోనూ చదివి వినిపించారని చెప్పాడు. విచిత్రం ఏమిటంటే అక్కడ జనభాష అంటే పాత ఇంగ్లీషు! ఆ మాట అప్పటికి ఏ ఒక్క దేశానికీ పరిమితం కాలేదు. తర్వాత తర్వాత ఆ భాష పేరు మనుషుల పేరయింది, మనుషుల పేరు నేల పేరయింది.

మా తరగతి అమ్మాయి స్టాంపును నెదర్లాండ్స్ పేజీలో అంటించింది కదా. ఆమె చెవి సరిగ్గానే పనిచేసింది. డచ్, డాయిచ్ రెండూ ఆ ఒక్క మాటే. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు ఈ ప్రాంతాలవాళ్లందరినీ కలిపి డచ్ అనేవారు. తర్వాత వాళ్లకు వ్యాపారంలోనూ, సముద్రం మీద పోటీలోనూ రోజూ ఎదురయ్యే నెదర్లాండ్స్ వాళ్లకే ఆ పేరు మిగిలింది. అమెరికాలో ‘పెన్సిల్వేనియా డచ్’ అనే జనం ఉన్నారు. వాళ్ల పూర్వీకులు వెళ్లింది జర్మన్ ప్రాంతాల నుంచి. అదే మాట డచ్ వర్తకుల నోటిమీదుగా జపాన్‌కు చేరి దోయిత్సు అయింది. ఆ పిల్ల చేసిన పొరపాటు వెనుక ఇంత చరిత్ర ఉంది. మన పుస్తకంలో దాని జాడే లేదు కాబట్టి నేను కూడా మొదట ‘తప్పమ్మా’ అని తేల్చేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

ఇంకో దేశాన్ని కూడా పక్కనే చెప్పాలి. ప్రతి ఏడాదీ జవాబుపత్రాల్లో ఆస్ట్రియా, ఆస్ట్రేలియా కలిసిపోతాయి. ‘జాగ్రత్తగా రాయండి’ అని చెబితే పోయే తికమక కాదది. ఆస్ట్రియా సొంత పేరు ఓస్టర్‌రైష్, అంటే తూర్పు రాజ్యం. ఈ పేరు పాత రూపంలో మొదట కనబడే రాజపత్రం 996 నాటిది. బవేరియా వైపు నుంచి చూస్తే అది తూర్పు. దాన్నే లాటిన్‌లోకి తెచ్చేసరికి ఆస్ట్రియా అయింది. ఆస్ట్రేలియాది లాటిన్ మాటే, దక్షిణానిది అని అర్థం. ఒకటి తూర్పు, ఒకటి దక్షిణం, వినడానికి మాత్రం అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఈ ఒక్క సంగతి చెప్పాక మా తరగతిలో ఆ తప్పు చాలావరకు తగ్గింది.

అరబ్బీలో ఆస్ట్రియాను అన్నిమ్సా అంటారు. పైన చెప్పిన ‘మూగవాళ్లు’ అనే స్లావ్ మాటే ఇది. ఒట్టోమన్ టర్కులు వియన్నాను 1529లో ఒకసారి, 1683లో ఒకసారి ముట్టడించారు. వాళ్లకు ఎదురుపడ్డ జర్మన్లు వియన్నా పాలకులే. బాల్కన్ స్లావుల దగ్గర విన్న పేరును టర్కులు వాళ్లకు పెట్టారు, అరబ్బీలో అదే నిలిచిపోయింది. అలా అరబ్బీలో జర్మనీకి ఫ్రెంచివైపు పేరు, ఆస్ట్రియాకు పోలండ్‌వైపు పేరు. పేరు ఏ దారిన ప్రయాణించిందో మ్యాప్ మీద గీత గీసి చూపించవచ్చు. మేం గీశాం కూడా.

అలాగని జర్మన్లు ఎప్పుడూ పేరు పెట్టించుకున్నవాళ్లే అనుకోకూడదు. ఫ్రాన్స్ అనే పేరు ఫ్రాంకులనే జర్మనిక్ తెగది. జర్మన్లు ఆ దేశాన్ని ఇప్పటికీ ఫ్రాంక్‌రైష్, అంటే ఫ్రాంకుల రాజ్యం అంటారు. ఈ తెగ పేరు మన దాకా రెండు దారుల్లో వచ్చింది. పడమటి నుంచి వచ్చిన క్రైస్తవులందరినీ అరబ్బులు, పారశీకులు ఫ్రాంకుల పేరుతోనే పిలిచేవారు. అది మనకు ఫిరంగి అయింది. వాళ్లు తెచ్చిన పెద్ద తుపాకీకే ఆ పేరు స్థిరపడింది. రెండోది పరాసులు. బొబ్బిలి కథ చెప్పేవాళ్ల నోట ఫ్రెంచి సేనాని బుస్సీ మనుషులు పరాసులే. మన పాత తెలుగులో డచ్‌వాళ్లు వలందులు, పోర్చుగీసువాళ్లు బుడతకీచులు. ఇవన్నీ మన పెద్దలు చెవితో విని తమ నాలుకకు తగ్గట్టు మలుచుకున్న పేర్లు. చరిత్ర పుస్తకంలో వీటికి కూడా చోటుంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది నాకు.

రాజులు, నాయకుల పేర్ల మీద వచ్చిన దేశాల విషయం తేలిక, అక్కడ చిక్కు తక్కువ. ఫిలిప్పీన్స్ స్పెయిన్ ఫిలిప్ పేరు, బొలీవియా సిమోన్ బొలివార్ పేరు, సౌదీ అరేబియాలో సౌద్ వంశం పేరు ఉన్నాయి. స్వాజిలాండ్ 2018లో ఎస్వాతీనీగా మారింది. పాత పేరులోనూ, కొత్త పేరులోనూ ఉన్నది మ్స్వాతీ అనే రాజే. రాజు పేరు జనానికి, జనం పేరు నేలకు వచ్చింది. పాత పేరులోని ‘లాండ్’ ఇంగ్లీషు తోక. దాన్ని తీసేసి, తమ భాషలో ‘స్వాజీల నేల’ అనే మాటను పెట్టుకున్నారు. ఇంతే చెబితే చాలు.

ఇంతకంటే జాగ్రత్తగా చూడాల్సింది తప్పుడు వివరణల విషయం. మీరు పేర్ల అర్థాలు చేర్చడం మొదలుపెడితే ఇవి పుస్తకంలోకి చొరబడతాయి. రెండు ఉదాహరణలు చెబుతాను. జర్మన్‌లో ‘గేర్’ అంటే బల్లెం, ‘మాన్’ అంటే మనిషి, కాబట్టి జర్మన్ అంటే బల్లెం పట్టినవాడు అని ఒక వివరణ చాలా చోట్ల కనిపిస్తుంది. వినడానికి బాగుంది. కానీ సీజర్ కాలంలో ఆ భాషలో బల్లెం అనే మాట ‘గైజ’ లాగా పలికేది. అందులోని ‘జ’ కొన్ని శతాబ్దాల తర్వాతే ‘ర’ అయింది. అప్పటికింకా పుట్టని ‘ర’ సీజర్ రాసిన పేరులోకి ఎలా వస్తుంది? రెండోది మనవాళ్లలోనే తిరుగుతుంది. జర్మనీ అసలు పేరు శార్మణ్యదేశమనీ, అది ప్రాచీన సంస్కృత నామమనీ వాట్సాప్‌లో నాకే ఎన్నోసార్లు వచ్చింది. శార్మణ్యదేశం అనే మాట నిజంగానే ఉంది. మాక్స్ ముల్లర్ పంతొమ్మిదో శతాబ్దంలో తాను అచ్చువేసిన ఋగ్వేదంలో తనను సంస్కృతంలో పరిచయం చేసుకుంటూ శార్మణ్యదేశంలో పుట్టినవాడినని, గోతీర్థంలో ఉంటున్నవాడినని రాసుకున్నాడు. పేరు మోక్షమూలర్ అయింది. గోతీర్థం అంటే ఆక్స్‌ఫర్డ్. ఆక్స్ అంటే ఎద్దు, ఫర్డ్ అంటే నది దాటే రేవు. ఆక్స్‌ఫర్డ్‌ను గోతీర్థం చేసినట్టే, జర్మనీని ధ్వనినిబట్టి శార్మణ్యం చేశారు. అది గౌరవంగా కట్టిన సంస్కృత రూపమే తప్ప ఆ దేశం పేరుకు మూలం కాదు.

ఇలాంటివాటిని పట్టుకోవడానికి నేను పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పాను. ఆ పేరు మొదట ఎప్పటి రాతలో కనబడింది? రాసినవాడు ఏ భాషవాడు? ఆ పేరు పెట్టిన జనం మ్యాప్‌లో ఏ పక్కన ఉన్నారు? బల్లెం కథ మొదటి రెండు ప్రశ్నలకే పడిపోతుంది, శార్మణ్యం మొదటిదానికే.

ఇప్పుడు నా కోరిక చెబుతాను. జర్మనీని డాయిచ్‌లాండ్ అని మార్చి రాయమని నేను అడగడం లేదు. జర్మనీ ఇప్పుడు తెలుగు మాటే, అది అలాగే ఉండాలి. అట్లాస్‌లో పెద్ద అక్షరాల్లో జర్మనీ అని వేసి, కింద చిన్న అక్షరాల్లో తెలుగు లిపిలోనే డాయిచ్‌లాండ్ అని వేయండి. అలాగే గ్రీస్ కింద ఎల్లాడ, హంగరీ కింద మజ్యరోర్సాగ్, ఫిన్లాండ్ కింద సువోమి, జపాన్ కింద నిప్పాన్. పాఠ్యపుస్తకంలో ఒక దేశం మొదటిసారి వచ్చినచోట ఆ పేరు ఎవరు పెట్టిందో ఒక్క వాక్యం చేర్చండి. పరీక్షలో ప్రశ్నగా మాత్రం పెట్టకండి. పెడితే పిల్లలకు ఇదో బట్టీ, ఇంకో టెన్షన్ అవుతుంది.

ఈ పద్ధతి అన్ని దేశాలకూ ఒకేలా కుదరదని నాకు తెలుసు. స్విట్జర్లాండ్‌కు నాలుగు జాతీయ భాషలు, నాలుగు సొంత పేర్లు ఉన్నాయి. ఏ ఒక్కటి వేసినా మిగతా మూడు భాషలవాళ్లను పక్కన పెట్టినట్టవుతుంది. వాళ్లే స్టాంపుల మీద ఆ గొడవ లేకుండా హెల్వెషియా అని లాటిన్‌లో వేసుకుంటారు. అది అక్కడ పూర్వం ఉన్న హెల్వెటీ అనే తెగ పేరు. ఫిన్లాండ్‌వాళ్లు రెండు అధికార భాషల్లోని సువోమి, ఫిన్లాండ్ రెండింటినీ పక్కపక్కనే వేస్తారు. ఇలాంటి చోట్ల ఆ దేశం స్టాంపు మీద ఏం వేసుకుందో అదే వేయడం నాకు తోచిన మార్గం. మీకు ఇంతకంటే మంచిది తోస్తే అలాగే చేయండి.

ఈ లేఖతోపాటు యూరప్ మ్యాప్ ఒకటి జతచేస్తున్నాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు చేత్తో గీసింది. పెన్సిల్‌తో దేశం పేరు, దానికింద నీలం ఇంకుతో సొంత పేరు రాశారు. పేరు ప్రయాణించిన దారులకు ఎర్ర గీతలున్నాయి. వియన్నా నుంచి అరేబియా వైపు వెళ్లే గీత కాగితం అంచు దాటిపోయింది, దాన్ని వెనకవైపు చూడగలరు. ఆ స్టాంపు ఇప్పుడు జర్మనీ పేజీలో ఉంది. నెదర్లాండ్స్ పేజీలో అది అంటించి తీసిన మరక దగ్గర ఆ అమ్మాయి ‘డచ్ = డాయిచ్’ అని రాసుకుంది. నేను చెరపనివ్వలేదు.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు